ఎర్రదీపం వెలిగితే ఎవరు రావాలి?

మా షెడ్డు గోడకు పెద్ద టీవీ తెర బిగిస్తుంటే ఎవరూ ఆగి చూడలేదు. నిచ్చెన అడ్డంగా ఉందని ఇద్దరు పక్కకు తప్పుకుని వెళ్ళారు, అంతే. సాయంత్రం తెర వెలిగింది. పైన మిషన్ల నంబర్లు, వాటి కింద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్ళు, మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక శాతం. టీ తాగుతూ ఒక ఆపరేటర్ అన్నాడు: "ఇంకో సీసీ కెమెరా వచ్చింది."

హైదరాబాద్ శివార్లలోని ఒక పారిశ్రామికవాడలో, ట్రాక్టర్లకు విడిభాగాలు తయారుచేసే ఓ మోస్తరు కార్ఖానా అది. పన్నెండు సీఎన్‌సీ లేతులు, మూడు షిఫ్టులు. నేను ఆ లైనుకు టీమ్ లీడర్ని. ఆ తెర గురించి రెండు రోజుల్లో అందరికీ చెప్పి ఒప్పించమని పైనుంచి మాట వచ్చింది. షిఫ్టు మారే వేళ పావుగంట ఇచ్చారు. ఆ పావుగంటలో ఏం చెప్పాలన్నది చిన్న ప్రశ్న కాదని ఆలోచిస్తూ కూర్చున్నాక తెలిసింది.

కారులో స్టీరింగు వెనక వేగం, ఇంధనం, ఇంజిను వేడి చూపించే పలక ఉంటుంది కదా, దాన్నే డ్యాష్‌బోర్డు అంటారు. కార్ఖానాలో ప్రొడక్షన్ డ్యాష్‌బోర్డు కూడా అలాంటిదే. ఏ మిషన్ నడుస్తోంది, ఏది ఆగింది, ఎన్ని పీసులు వచ్చాయి, ఎన్ని పాడయ్యాయి అన్నది అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది. అయితే కారు పలకను చూసేది కారు నడిపేవాడు. కార్ఖానా పలకను నడిపేవాడితో పాటు మేనేజరు, మేనేజరు మీది మేనేజరు, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న యజమాని కూడా చూస్తారు. అనుమానం మొదలయ్యేది ఇక్కడే.

ఆ అనుమానానికి మా దగ్గర ఒక చరిత్ర కూడా ఉంది. నేను అంతకుముందు పనిచేసిన చోట ఇలాంటి తెరే పెట్టారు. అందులో ఆపరేటర్ల పేర్లు ఉండేవి. ఎవరి శాతం ఎక్కువో వారి పేరు పైన, తక్కువైతే కింద ఎర్రగా. మొదటి నెలలో అంకెలు బ్రహ్మాండంగా పెరిగాయి. రెండో నెల నుంచి వింతలు బయటపడ్డాయి. మిషన్ ఎందుకు ఆగిందని తెర అడిగితే అందరూ "సెట్టింగ్" అనే బటన్ నొక్కేవాళ్ళు, ఎందుకంటే సెట్టింగుకు ఆగితే ఎవరూ తప్పుపట్టరు. పాడైన పీసులు రిజెక్షన్ డబ్బాలోకి కాకుండా ఇనుప రజను డబ్బాలోకి వెళ్ళేవి. కొందరు ఫీడ్ ఓవర్‌రైడ్ మీట తిప్పి, కోత వేగం నూటికి నూట ఇరవైకి పెంచేవాళ్ళు. పీసు త్వరగా వచ్చేది, కానీ లోహాన్ని కోసే ఇన్‌సర్ట్ ముక్క రెండు రోజులు రావాల్సింది ఒక్క పూటకే విరిగేది. మూడో నెల చివర తెర ఎవరూ చూడకుండా వెలుగుతూనే ఉండేది. ఆ తర్వాత ఎవరో ప్లగ్గు పీకి ఫోన్ ఛార్జర్ పెట్టుకున్నారు.

కొలతంటే కార్మికుడు ఉలిక్కిపడటం మనతో మొదలైంది కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు ప్రతి పనినీ స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఆ పనికి ఇంత సమయమే పట్టాలని నిర్ణయించే పద్ధతి తెచ్చాడు. 1911 ఆగస్టులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, ఫౌండ్రీలో అచ్చులు పోసే మౌల్డర్లలో ఒకడి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషిని నిలబెట్టారు. మౌల్డర్లు పని వదిలేసి బయటికి నడిచారు. గడియారం పట్టుకున్నవాడికి అచ్చు పోయడం తెలియదు, తెలియనివాడు మా పనికి సమయం ఎలా కడతాడన్నది వాళ్ళ వాదనలో ఒక ముఖ్యమైన మాట. ఆ గొడవ మీద అమెరికా కాంగ్రెస్ కమిటీ వేసి విచారించింది. ప్రభుత్వ ఆయుధాగారాల్లో స్టాప్‌వాచ్ కొలతలకు డబ్బు ఖర్చు చేయకూడదని 1915లో నిషేధం కూడా పెట్టింది. నూరేళ్ళు దాటినా కార్మికుడు అడిగే మాట మారలేదు: కొలిచేవాడికి నా పని తెలుసా? కొలిచిన అంకెతో ఏం చేస్తాడు?

నా ప్రసంగం ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తెరలో ఎన్ని రంగులున్నాయో చెప్పడం తర్వాత సంగతి.

ప్రసంగానికి ముందు రోజు నేను రెండు పనులు చేశాను. ఒకటి, కంపెనీ తయారుచేసి ఇచ్చిన స్లయిడ్లు పక్కన పెట్టేశాను. కంప్రెసర్ చప్పుడులో, నిలబడి, ఇంటికి వెళ్ళాలని తొందరపడుతున్న మనుషులకు స్లయిడ్లు ఎక్కవు. ఒక తెల్లబోర్డు, ఒక మార్కరు చాలు. రెండు, నేను ఇవ్వబోయే హామీలు కాగితం మీద రాసి ప్లాంట్ హెడ్ దగ్గర సంతకం తీసుకున్నాను. టీమ్ లీడర్ తన చేతిలో లేని మాట ఇస్తే అది మొదటి జీతం రోజునే తేలిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు రెండూ కలిసిన చోట నిలబడి మొదలుపెట్టాను.

"అన్నా, ఈ తెర చూసి మీకేమనిపించిందో నాకు తెలుసు. నేను కూడా పాత కంపెనీలో ఇట్లాంటి తెర కింద పనిచేసినవాణ్ణే. అక్కడేం జరిగిందో ముందు చెప్తా." అని ఇందాక మీకు చెప్పిన కథ వాళ్ళకు చెప్పాను. రజను డబ్బా మాట దగ్గర వెనక వరసలో నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు ధైర్యం ఇచ్చింది. గొప్పలతో మొదలుపెట్టి ఉంటే చేతులు కట్టుకునే ఉండేవాళ్ళు.

తర్వాత బోర్డు మీద ఒక లెక్క రాశాను. నిన్నటి పొద్దుటి షిఫ్టు, ఏడో నంబరు లేతు, మాకు బాగా తెలిసిన ఒక బుష్. ఎవరికీ తెలియని ఉదాహరణ కన్నా వాళ్ళే నడిపిన మిషన్ లెక్క మేలు. తప్పు చెప్తే వెంటనే పట్టుకుంటారు.

"షిఫ్టు ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు. భోజనం, టీలు, షిఫ్టు మార్పిడి, శుభ్రం చేసుకోవడం అన్నీ కలిపి 60 నిమిషాలు. అవి ముందే తీసేస్తాం. భోజనానికి పోతే మిషన్ ఆగిందని ఈ తెర లెక్కపెట్టదు. మిగిలింది 420 నిమిషాలు."

ఇక్కడ ఒక గొంతు లేచింది: "బాత్‌రూముకు పోతే?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వచ్చినందుకు సంతోషించాను కూడా. "మూడు నిమిషాల లోపు ఆగితే తెర దాన్ని ఆగినట్టు రాయదు. దాటితే కారణం అడుగుతుంది. అక్కడ 'వ్యక్తిగతం' అనే బటన్ ఉంది. అది నొక్కితే ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట ఈ కాగితంలో రాసి ఉంది."

ఇక లెక్కలోకి వచ్చాం. ఆ 420 నిమిషాల్లో నిన్న ఏడో నంబరు 84 నిమిషాలు ఆగింది. మిగిలిన 336 నిమిషాలు నడిచింది. 336ని 420తో భాగిస్తే నూటికి 80. దీన్ని లభ్యత అంటారు: మిషన్ నడవాల్సిన సమయంలో ఎంతసేపు నడిచింది?

ఆ బుష్‌కు ఒక్కో పీసు 72 సెకన్లు పడుతుంది, అంటే 1.2 నిమిషాలు. 336 నిమిషాల్లో 280 పీసులు రావాలి. వచ్చినవి 252. అంటే నూటికి 90. ఇది వేగం లెక్క: నడిచినంతసేపూ నడవాల్సిన వేగంతో నడిచిందా?

252లో కొలత తప్పి పక్కన పెట్టినవి 7. మంచివి 245. అంటే నూటికి 97 చిల్లర. ఇది నాణ్యత లెక్క.

ఈ మూడింటినీ గుణిస్తే సరిగ్గా నూటికి 70 వస్తుంది. తెర మధ్యలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ఇదే. కార్ఖానాల్లో దీన్ని ఓఈఈ అంటారు. జపాన్‌లో యంత్రాల నిర్వహణ మీద పనిచేసిన సెయిచి నకజిమా ఈ లెక్కను వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆయన పుస్తకం 1988లో ఇంగ్లీషులోకి వచ్చాక ప్రపంచమంతా దీన్ని పట్టుకుంది. ఓఈఈలోని మధ్య అక్షరానికి అర్థం పరికరం. అంటే యంత్రానికి కట్టిన కొలత ఇది. యంత్రం కోల్పోయిన సమయం ఎక్కడ పోయిందో వెతకడానికి పుట్టింది. మనిషికి మార్కులు వేయడానికి దీన్ని వాడితే, థర్మామీటర్‌తో బియ్యం తూచినట్టే.

ఈ మాట నేను షెడ్డులో నోటితో చెప్పి ఊరుకోలేదు. బోర్డు మీద చూపించాను.

"420 నిమిషాలూ ఒక్క నిమిషం కూడా పోకుండా నడిస్తే 350 పీసులు వచ్చేవి. మనకు వచ్చినవి 245. మధ్యలో 105 పీసులు మాయం. అవెక్కడికి పోయినయ్?"

మిషన్ ఆగిన 84 నిమిషాలకు 70 పీసులు. నెమ్మదిగా నడవడం వల్ల 28. పాడైనవి 7. కూడితే 105. లెక్క సరిపోయింది. బోర్డు మీద 105 కింద గీత గీసే సమయానికి నలుగురైదుగురు ముందుకొచ్చి నిలబడ్డారు. శాతం చెప్తే ఎవరికీ పట్టదు గానీ, మాయమైన పీసులంటే అందరికీ పడుతుంది.

"ఇప్పుడు ఆ 84 నిమిషాలు విప్పుదాం." కొత్త పీసుకు సెట్టింగ్ 35 నిమిషాలు. కడ్డీలు రాక ఎదురుచూసింది 26. ఇన్‌సర్ట్ విరిగి మార్చింది 14. మొదటి పీసు చూసి సరేననడానికి ఇన్‌స్పెక్టర్ కోసం నిలబడింది 9. "ఇందులో ఆపరేటర్ చేతిలో ఉన్నదెంత?" అని అడిగాను.

మా షెడ్డులో అందరికన్నా పాత మిషనిస్టును ఉస్తాద్ అంటారు. ముప్పై ఏళ్ళుగా లేతు మీద ఉన్న మనిషి. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. "కడ్డీల 26 మావి కావు. ఇన్‌స్పెక్టర్ 9 మావి కావు. సెట్టింగులో సగం ఫిక్స్‌చర్ దొరక్క పోతది, అదీ మాది కాదు," అన్నాడు.

"అదే ఉస్తాద్. ఇంతకాలం ఈ 35 నిమిషాల ఎదురుచూపు ఎక్కడ రాశాం?"

ఎక్కడా రాయలేదు. లాగ్‌బుక్‌లో షిఫ్టు చివర ఒక్క గీతలో "ప్రొడక్షన్ 245" అని ఉంటుంది. మేనేజరు అది చూసి పీసులు ఎందుకు తగ్గాయని ఆపరేటర్ని అడుగుతాడు. స్టోర్స్‌ను ఎవరూ అడగరు. తెర వల్ల నిజంగా మారేది ఇదే: పోయిన నిమిషానికి ఒక చిరునామా దొరుకుతుంది.

ఆ తర్వాత తెరకు ఏం తెలియదో చెప్పడం మొదలుపెట్టాను. ప్రసంగంలో ఎక్కువ సమయం దీనికే ఇచ్చాను. యంత్రాన్ని నమ్మించాలంటే దాని శక్తిని పొగడాలని చాలామంది అనుకుంటారు. లేతు మీద పనిచేసేవాళ్ళకు ఏ యంత్రమైనా ఎక్కడో ఒకచోట తప్పుతుందని తెలుసు. ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పినవాణ్ణే నమ్ముతారు.

తెరకు సమాచారం ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించాను. కొత్త లేతుల్లో సైకిల్ మొదలైందని, ముగిసిందని మిషన్ కంట్రోలరే చెప్తుంది. ముగిసిన ప్రతి సైకిలూ ఒక పీసుగా లెక్క. అయితే పొద్దున్నే మిషన్ వేడెక్కడానికి ఖాళీగా తిప్పినా అది సైకిలే. కాబట్టి తెర మీద 252 ఉండి డబ్బాలో 249 ఉంటే, డబ్బాదే నిజం. మా దగ్గర పాత లేతులు రెండున్నాయి, వాటికి నెట్‌వర్క్ తగిలించే వీలు లేదు. వాటి మోటారు వైరు చుట్టూ ఒక చిన్న సెన్సర్ బిగించారు. కరెంటు పారితే నడుస్తున్నట్టు, పారకపోతే ఆగినట్టు. స్పిండిల్ ఊరికే తిరుగుతున్నా ఆ తెరకు పనే.

అన్నిటికన్నా పెద్ద లోపం, మిషన్ ఆగిందని తెరకు తెలుసు గానీ ఎందుకు ఆగిందో తెలియదు. ఆ కారణం చెప్పగలిగేది మిషన్ పక్కన ఉన్న మనిషి ఒక్కడే. అందుకే ప్రతి లేతు దగ్గర ఒక చిన్న టాబ్లెట్ పెట్టాం. మొదట కంపెనీ వాళ్ళు ఇచ్చిన జాబితాలో నలభైకి పైగా కారణాలు, అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. గ్రీజు చేత్తో నలభైలో వెతికేవాడు ఎవడూ ఉండడు, అందరూ చివరనున్న "ఇతరాలు" నొక్కేస్తారు. మేం దాన్ని తొమ్మిదికి కుదించి, తెలుగులోనూ హిందీలోనూ పెట్టాం, ఎందుకంటే మా షెడ్డులో ఒడిశా, బీహార్ల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. "కడ్డీలు లేవు", "ఇన్‌సర్ట్ విరిగింది", "ఇన్‌స్పెక్షన్ కోసం", ఇలా షెడ్డులో అనుకునే మాటలే. "ఇతరాలు" అనేది ఎక్కువగా కనిపించడం మొదలైతే తప్పు జాబితాలో ఉన్నట్టు, మనుషుల్లో కాదు అని అప్పుడే చెప్పాను.

ఒక కుర్రాడు తెలివైన ప్రశ్న వేశాడు. "అన్నా, చిప్పు చుట్టుకుంటే నిమిషం ఆపి కొక్కెంతో లాగుతం. మూడు నిమిషాల లోపైతే రాయదన్నరు కదా. మరి ఆ టైమ్ ఏడబోతది?"

లోహం కోసినప్పుడు వచ్చే సన్నని ఉక్కు చుట్టలను చిప్పు అంటారు. కొన్ని రకాల ఉక్కు తెగిపడకుండా నూలులా పొడుగ్గా వచ్చి పీసుకు చుట్టుకుంటుంది. ఆ కుర్రాడి ప్రశ్న ఈ లెక్కలోని గుట్టును పట్టుకుంది. చిన్న చిన్న ఆగుళ్ళను తెర ఆగుళ్ళుగా రాయదు, కానీ ఆ సమయంలో పీసులు రావు కాబట్టి మిషన్ నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తుంది. మేం నెమ్మది వల్ల పోయాయనుకున్న 28 పీసులంటే దాదాపు 34 నిమిషాలు. అందులో ఎక్కువ భాగం చిప్పు లాగడమేనని, ఆపరేటర్ బద్ధకం కాదని అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. అంకెను చదవడం తెలియని మేనేజరు అదే చోట "వేగం పెంచండి" అంటాడు. పెంచితే చిప్పు ఇంకా చుట్టుకోవచ్చు, ఇన్‌సర్ట్ విరగొచ్చు. అక్కడ కావాల్సింది చిప్పును తుంచే గాడి ఉన్న వేరే ఇన్‌సర్ట్.

ఆ తర్వాత హామీలు. మూడే, సంతకం ఉన్న కాగితం చదివి వినిపించాను. మొదటిది, తెర మీద మిషన్ నంబర్లే ఉంటాయి, మనుషుల పేర్లు ఉండవు. రెండోది, మూడు నెలల పాటు ఈ అంకెకూ ఇన్సెంటివ్‌కూ సంబంధం ఉండదు, ఆ తర్వాత మార్చాలన్నా కార్మికుల ప్రతినిధులతో కూర్చున్నాకే. మూడోది, తెర తప్పు చెప్తోందని ఎవరికనిపించినా కింద వేలాడే రిజిస్టర్లో రాయొచ్చు, మర్నాటి షిఫ్టులోగా దాని పక్కనే జవాబు రాస్తాం.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. "దీంతో ఎవర్నైనా తీసేస్తరా?"

ఇక్కడ అబద్ధం చెప్పడం చాలా తేలిక. "లేదు, లేదు" అంటే అందరూ ఇంటికి పోతారు. నేను ఇలా అన్నాను: "ఈ తెర పెట్టి మనుషుల్ని తగ్గించమని నాకెవరూ చెప్పలేదు. రేపు కంపెనీ ఏం చేస్తదో నా చేతిలో లేదు, కాబట్టి ఆ మాట నేనివ్వను. నా చేతిలో ఉన్నవి ఈ మూడూ. వీటిలో ఒక్కటి తప్పినా ముందు నన్నే అడగండి." షెడ్డు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం నాకు సుఖంగా అనిపించలేదు. అయినా మిగతా మూడు హామీలకు విలువ ఇచ్చింది ఈ ఇవ్వని మాటేనని ఇప్పుడు అనుకుంటాను.

చివరగా ఎర్రదీపం సంగతి. టయోటా కార్ల కర్మాగారాల్లో ఆండన్ అనే ఏర్పాటు ఉంది. జపనీస్‌లో ఆ మాటకు కాగితపు లాంతరు అని అర్థం. లైను పక్కన ఒక తాడు ఉంటుంది. పనిలో ఏ ఇబ్బంది వచ్చినా కార్మికుడు దాన్ని లాగొచ్చు. లాగగానే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ అక్కడికి వస్తాడు. లైను వెంటనే ఆగదు. కారు తన గడి చివరికి చేరేలోగా ఇద్దరూ కలిసి సమస్య తీరిస్తే, లీడర్ మళ్ళీ తాడు లాగి దీపం ఆర్పుతాడు, లైను సాగిపోతుంది. తీరకపోతే అప్పుడు ఆగుతుంది. అక్కడ దీపం వెలిగించేది కార్మికుడు, పరుగెత్తేది లీడర్. మన దగ్గర చాలాచోట్ల దీపం ఎర్రగా మారితే కార్మికుణ్ణి ఆఫీసుకు పిలుస్తారు. దీపం అదే, నడక దిక్కే తిరగబడింది.

"ఈ షెడ్డులో ఎర్రదీపం వెలిగితే మీరెవరూ నా దగ్గరికి రానక్కర్లేదు. నేనే వస్తా. కడ్డీలు లేవని నొక్కితే స్టోర్స్ మనిషి పది నిమిషాల్లో రావాలి. రాకపోతే ఆ నిమిషాలు స్టోర్స్ పేరు మీద పడతయ్," అని ముగించాను. చప్పట్లేమీ లేవు. ఉస్తాద్ మాత్రం "చూద్దాం" అన్నాడు. ఆ మాటకు మా షెడ్డులో చాలా విలువ ఉంది.

తర్వాతి రోజులు ప్రసంగానికి పరీక్ష పెట్టాయి. మూడో రోజే స్టోర్స్ ఇన్‌ఛార్జి నా దగ్గరికి వచ్చి, తన నిమిషాలు అందరికీ కనిపిస్తున్నాయని గొడవపడ్డాడు. నేను ఆయన్ను తెర ముందు నిలబెట్టకుండా గోడౌన్‌కే వెళ్ళాను. కడ్డీలు కోసే రంపం ఒక్కటే ఉంది, పొద్దున్నే నాలుగు లైన్లూ ఒకేసారి అడుగుతున్నాయి. రాత్రి షిఫ్టులో రెండు గంటలు ముందుగా కోసిపెట్టే ఏర్పాటు చేశాం. నిమిషాలు తగ్గాయి. ఆ తప్పూ ఒక మనిషిది కాదు, ఒక రంపానిది. నెట్‌వర్క్ పోయిన ఒక రాత్రి తెర మొత్తం ఎర్రగా మారి, నైట్ షిఫ్టు వాళ్ళు ఎనిమిది గంటలూ నిద్రపోయినట్టు చూపించింది. సమాచారం అందకపోతే ఎరుపు కాకుండా బూడిద రంగు చూపించాలని ఆ మర్నాడే మార్పించాం. తెలియనిదాన్ని తప్పుగా చూపించే తెరను ఎవరూ రెండోసారి నమ్మరు.

కింద వేలాడదీసిన రిజిస్టరు మొదటి రెండు వారాలు ఖాళీగానే ఉంది. అది మంచి గుర్తు కాదు. తెరలో తప్పుల్లేవని కాదు, ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం. మూడో వారం నుంచి రాతలు మొదలయ్యాయి. కొన్ని కోపంగా, కొన్ని బొమ్మలతో. నెల తిరిగేసరికి వచ్చిన ఒక రాత మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో నంబరు లేతు నడిపే కుర్రాడు, చిప్పు ప్రశ్న వేసినవాడే, రాశాడు: "వేగం 108 శాతం చూపిస్తున్నది. నేనేమన్నా రాకెట్టా?"

వెళ్ళి చూశాను. వేగం నూరు దాటిందంటే అది ఆపరేటర్ గొప్పతనం కాదు, తెరకిచ్చిన ఆదర్శ సమయం తప్పని రుజువు. ఆ లేతు మీద ప్రోగ్రామ్ మార్చి ఒక్కో పీసు 64 సెకన్లకు తెచ్చారు. తెరలో మాత్రం పాత 72 సెకన్లే ఉండిపోయాయి. సరిచేస్తే అతని 108 కాస్తా 96కి దిగింది.

అతను తన అంకె తానే తగ్గించుకున్నాడు. తెర పాత కంపెనీలోలా పేర్లు చూపించి ఉంటే, ఆ 108కి ఇన్సెంటివ్ కట్టి ఉంటే, ఆ రాత ఎప్పటికీ వచ్చేది కాదు, మేం ఆ తప్పు అంకెను చూసుకుని మురిసిపోయేవాళ్ళం. రిజిస్టర్లో అతని ప్రశ్న పక్కన జవాబు రాసి సంతకం పెడుతుంటే వెనక నుంచి ఉస్తాద్ తొంగిచూసి చదివాడు. తర్వాత తన ఏడో నంబరు గడి వంక చూపించి, "నాది గూడా ఓసారి చూడు తమ్మీ, దాంట్లో ఏదో తేడా కొడుతున్నది," అన్నాడు.